కర్పూరం లైను కొట్టేసిన నోటీసు

బేరంలో నన్ను మించినవాళ్ళు పెద్ద మార్కెట్టు చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఉంటారేమో. ఉన్నా నా ముందు బయటపడరు. అంత గొప్పదాన్ని కాబట్టే పన్నెండు లైన్ల నోటీసును ఐదు లైన్లకు దించాను. మూడు బోర్డులను ఒక్క బోర్డు చేశాను. ఫ్లెక్సు కొట్టేవాడు మూడు వేల ఆరు వందలు అన్నాడు, నేను తొమ్మిది వందలిచ్చి, వాడి డబ్బుతోనే టీ తాగి, మిగిలిన ముక్క ఫ్లెక్సు కూడా దుకాణం అరుగు మీద పరుచుకోవడానికి చుట్టి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి అద్దంలో నన్ను నేను చూసుకుని మెచ్చుకున్న సాయంత్రం అది. అంత చవగ్గా అంత తప్పుపని చేసినవాళ్ళు పుదుచ్చేరి మొత్తంలో ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి, కాళ్ళకు దండం పెడతాను.

మాది పూజసామాన్ల దుకాణం. మా తాత పెట్టింది, మా నాన్న నడిపింది, నేను గల్లాపెట్టె పక్కన నేల మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నది. ఒత్తులు, నూనె, కుంకుమ, అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం. మా వీధి చివర తెలుగు వర్తకుల మండపం ఉంది. ఎన్ని తరాల కిందటో ఇక్కడ స్థిరపడిన మా కుటుంబాలవాళ్ళు చందా వేసి కట్టుకున్న హాలు. పెళ్ళిళ్ళకు, శ్రాద్ధాలకు, తమిళుల ఆషాఢమైన ఆడి మాసం శుక్రవారాల్లో దీపాల పూజకు అదే. ఆడవాళ్ళు వరసలుగా నేల మీద కూర్చుని, ఎవరి ఎదుట వాళ్ళ ఇత్తడి దీపం పెట్టుకుని, అయ్యరు మంత్రం చెబుతుంటే కుంకుమ వేస్తారు. చివర్లో అందరూ ఒకేసారి కర్పూరం వెలిగించి హారతిస్తారు. అరవై మంది. ఆ హాలులో నలభై మంది కూర్చుంటే సౌకర్యం. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా ఎవరినీ వద్దనలేం, ఎందుకంటే వద్దన్న ఇంటివాళ్ళు మర్నాడు మన దుకాణానికి రారు.

ఆ హాలు కమిటీలో నేనొకదాన్ని. ప్రెసిడెంటు జవుళి దుకాణం మామ. వరసకు మామ కాదు, వీధికంతటికీ మామ.

ముందు ఏడాది పూజలో ఒకామె కొంగు అంచు కొద్దిగా మాడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మా వీధిలోనే ఉండే ఫైరు చిన్నాయన ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళు ఫైర్ సర్వీసులో బండి నడిపి రిటైరైన మనిషి. ఆ ఏడు పూజకు పది రోజుల ముందు, చేతిలో నోటుబుక్కు కాయితంతో మా దుకాణం మెట్టెక్కాడు.

"ఇది హాల్లో కట్టాల. కట్టకుంటే నేను పూజ జరగనియ్యను" అన్నాడు.

కాయితం చూశాను. మాటలు మా ఇంటి తెలుగే. అక్షరాలు తమిళం. మాలో చాలామంది అట్లాగే రాసుకుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో నేర్చింది తమిళం, అందుకని చీటీ రాసినా సామాన్ల పట్టీ రాసినా తెలుగు మాటను తమిళ అక్షరాల్లో కూర్చోబెడతారు. పన్నెండు లైన్లు.

"ఇదేంది చిన్నాయనా, ఇంత పొడుగు? ఇది చదివి ముగించేలోపల దీపాలన్నీ ఆరిపోతాయి."

"ఆరిపోతే నాకు సంతోషమే కదమ్మా."

మెట్టు మీద కూర్చుని పూలు కడుతున్న అత్త కిసుక్కున నవ్వింది. ఈ అత్త గురించి చెప్పాలి. మా అత్తగారు కాదు. పనిచేసే మిల్లు మూతపడ్డాక పూలు కట్టడం మొదలుపెట్టిన మనిషి. ఇరవై ఏళ్ళుగా మా దుకాణం మెట్టే ఆమె అంగడి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మల్లెలు రెండటు రెండిటు పట్టుకుని, కుడిచేత్తో నారను చుట్టి లాగుతుంది. చూడకుండా కడుతుంది. మాట్లాడుతూ, తిడుతూ, నా కస్టమర్లకు ధరలు చెబుతూ కడుతుంది. రోజుకు నలభై మూరలు. ఆ రెండు వేళ్ళే ఆమె ఇల్లు, ఆమె మందులు, ఆమె బియ్యం.

చిన్నాయన ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు. దీపానికీ దీపానికీ మధ్య చేతులు చాచేంత దూరం. కొంగు బొడ్లో దోపుకోవాలి, జారే నైలాన్ చీర వద్దు, నూలు చీర మేలు. మండుతున్న దీపంలో నూనె పోయరాదు. అగరుబత్తి అరటిపండులో గుచ్చరాదు, పండు మెత్తబడి పుల్ల వాలిపోతుంది, ఇసుకో బియ్యమో పోసిన గిన్నెలో గుచ్చాలి. పక్క తలుపు తాళం తీసి, ముందర ఏమీ పెట్టకుండా ఉంచాలి. దీపాలు వెలిగాక ఫ్యాను వేయరాదు. ఇట్లా పోయి తొమ్మిదో లైనుకు వచ్చాడు.

"కర్పూరం పొట్లం ఎవరి చేతికీ ఇయ్యరాదు. హారతప్పుడు ఒక మనిషి వచ్చి పళ్ళెంలో ఒక్క బిళ్ళ పెట్టి పోవాల. మిగతాది మూత డబ్బాలో, హాలు బయట."

నేను గల్లాపెట్టె మీద వేళ్ళు ఆడించడం ఆపాను. ఎందుకంటే ఆ రోజుకు నా వెనక అటక మీద రెండు పెట్టెల కర్పూరం ఉంది. ప్లాస్టిక్ పొట్లాలు. పూజ సెట్టు అని ఒకటి కనిపెట్టాను నేను. ఒత్తులు, చిన్న నూనె సీసా, కుంకుమ, అగరుబత్తి, ఒక కర్పూరం పొట్లం, అన్నీ ఒక సంచిలో. పూజకు కూర్చునే ప్రతి ఆడమనిషీ అది కొనాలి. కమిటీ తీర్మానం. తీర్మానం పెట్టింది నేను, బలపరిచింది నేను.

"ఒక్క బిళ్ళ అంటే బాగుంటాదా చిన్నాయనా, అమ్మవారికి పిసినారితనం చూపించినట్టు?"

"పొట్లం తెరిచి మంట పక్కన పెడితే దాని ఆవిరి ముందే పోయి మంటను పిలుచుకొని వస్తాది. అది గడ్డ కాదమ్మా, గడ్డ వేషం వేసుకున్న పెట్రోలు అనుకో. మండేటప్పుడు కరిగి, చేతికి పడితే అంటుకుంటాది. దులిపితే పోదు."

"సరే సరే, చూస్తాను."

చూశాను. ఆ సాయంత్రమే పెన్సిలు పట్టుకుని చూశాను. పన్నెండు లైన్లు ఎవరు చదువుతారు అని నన్ను నేనే అడిగి, ఎవరూ చదవరని నేనే చెప్పుకుని, ఏడు లైన్లు కొట్టేశాను. తొమ్మిదో లైను మొదట పోయింది. అదొక్కటే కొడితే ఉద్దేశం బయటపడుతుందని, తోడుకు ఫ్యాను లైను, నూనె లైను, మంట మీద నీళ్ళు చల్లరాదన్న లైను, కాలితే ఏం చేయాలన్న లైను, ఇంకో రెండు. ఇంత తెలివి చదువులో చూపి ఉంటే నేను కలెక్టరయ్యేదాన్ని.

ఆ తరవాత అక్షరాల సంగతి. నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. మా నాన్న నెల్లూరు నుంచి వచ్చిన ఒక పంతులుకు నెలకింత బెల్లం, ఇంత నూనె ఇచ్చి నేర్పించాడు. మా వీధిలో అది వచ్చినవాళ్ళం వేళ్ళ మీద లెక్క. వచ్చింది కాబట్టి చూపించుకోవాలి కదా. మామ దగ్గరికి పోయి, "మన మండపం గోడ మీద మన అక్షరం లేకుంటే ఎట్టా మామా?" అన్నాను. ఆయన మెడ అంగుళం పొడుగైంది. "కరెక్టు. తెలుగులోనే కొట్టించు. తమిళ బోర్డు ఊరంతా ఉంది కదా" అన్నాడు. రెండో బోర్డు ఖర్చు అట్లా పోయింది. బొమ్మలకని అనుకున్న మూడో బోర్డు, ఖర్చెక్కువని, అదీ పోయింది. నేను ఫోనులో టైపు చేసి పంపిన ఐదు లైన్లను ఆ ఫ్లెక్సువాడు, వాడికి అవి ముగ్గులతో సమానం, అట్లాగే కొట్టిచ్చాడు.

చిన్నాయన దాన్ని చూడటానికి దుకాణానికి వచ్చాడు. అక్షరాలు ఆయనకూ రావు. లైన్లు లెక్క పెట్టుకున్నాడు.

"పన్నెండు కదమ్మా నేను ఇచ్చింది?"

"మెయిన్ పాయింట్లన్నీ ఉన్నాయి చిన్నాయనా."

నా నోటితో నేను చెప్పిన మాట అది.

పూజ శుక్రవారం సాయంత్రం. వంటవాళ్ళు మధ్యాహ్నమే వచ్చి, పక్క సందులోకి తెరుచుకునే తలుపు ముందర ప్లాస్టిక్ కుర్చీలు నిలువునా పేర్చారు. ఆ తలుపు తెరిచి ఉంటే చెప్పులు పోతున్నాయని మామ తాళం కూడా వేయించాడు. తాళంచెవి ఆయన జేబులో. మన నోటీసు యాడ కట్టారో తెలుసా? ఆ తలుపుకే. మేకు కొట్టనవసరం లేదని, గడియకు తాడు కట్టి. తలుపు ముందర ఏమీ పెట్టరాదు అన్న లైను సరిగ్గా కుర్చీల వెనక పడింది. నేను చూశాను. చూసి, పూజ సెట్లు లెక్క పెట్టుకోవడానికి పోయాను.

అరవై దీపాలు, అరవై అగరుబత్తీలు, మూలన రెండు సాంబ్రాణి కుంపట్లు. అరగంటలో హాలు పొగతో నిండింది. ఒక తలుపే తెరిచి ఉంది, గాలి లేదు. ఆడవాళ్ళు కొంగుతో మొహాలు తుడుచుకుంటున్నారు, దగ్గుతున్నారు. ఎవరో, "ఊపిరాడడంలేదమ్మా, ఫ్యాను వేయండి" అన్నారు. ఎవరో వేశారు. ఎవరని నేను ఈ రోజుకీ అడగలేదు. ఫ్యాను వేయరాదని వాళ్ళకు చెప్పే లైను నా పెన్సిలు కింద పోయింది. ఉన్నా వాళ్ళు చదవలేకపోయేవాళ్ళు.

సరిగ్గా హారతి సమయం. అత్త మూడో వరసలో కూర్చుంది. ఆమె పళ్ళెంలో కర్పూరం వెలిగింది కానీ చిన్నగా ఉంది, ఇంకో బిళ్ళ వేద్దామని ఎడమచేత్తో పొట్లం పట్టుకుని, కుడిచేత్తో తీసి వేసింది. ఫ్యాను గాలికి మంట పడుకుంది. పడుకుని, పొట్లాన్ని నాకింది. అంతే. భగ్గుమన్న శబ్దం కూడా పెద్దగా లేదు. ప్లాస్టిక్ ముడుచుకుపోయి, కర్పూరం కరిగి, ఆమె బొటనవేలూ చూపుడువేలూ మండుతూ కనిపించాయి.

విసిరేయలేదు. అది నేను కళ్ళారా చూశాను. ఎడమ పక్కన నిండు గర్భిణి ఒకామె, కుడి పక్కన సిల్కు పావడా వేసుకున్న ఏడేళ్ళ పిల్ల. విసిరితే ఎవరి మీదో పడుతుంది. అత్త ఆ మంటను చేతిలోనే పట్టుకుని, ముందుకు వంగి, తన ఇత్తడి పళ్ళెంలోకి దించింది. వేళ్ళకు అంటుకున్న ప్లాస్టిక్ విడిపోకపోతే పళ్ళెం అంచుకు గీరి విడిపించింది. రెండు మూడు క్షణాలు. బేరగాళ్ళం కదా, రెండు క్షణాలు ఎంతసేపో మాకు తెలియదు. ఆ రోజు తెలిసింది.

అప్పుడు ఒకామె చెంబుడు నీళ్ళు ఎత్తి పళ్ళెం మీద పోసింది. మంచి బుద్ధితోనే. కర్పూరం నీళ్ళలో మునగదు. తేలుతుంది, తేలుతూ మండుతుంది. నీళ్ళతోపాటు నాలుగు మంటలు పళ్ళెం దిగి నేల మీద చీరల అంచుల వైపు నడిచాయి. అప్పుడు లేచింది కేక. అరవై మంది లేచారు. సగం మంది పక్క తలుపు వైపు పోయి, కుర్చీల మీద పడ్డారు. ఎవరో తలుపు గుంజుతున్నారు. నోటీసు చిరిగి కింద పడింది.

"తాళం! తాళంచెవి యాడుంది?"

"మామ కాడుంది!"

"మామ యాడ?"

మామ వీధిలో, కారు పక్కన, కేటరింగువాడితో వడల లెక్క మాట్లాడుతున్నాడు.

ముందు వాకిట్లో కూర్చున్న ఫైరు చిన్నాయన లోపలికి వచ్చాడు. ఎవరూ పిలవకుండానే ఆయన ఆ సాయంత్రం రెండు తడి గోనెసంచులు, ఒక బక్కెట్టు ఇసుక తెచ్చుకుని అక్కడ కూర్చున్నాడు. వచ్చేటప్పుడు నేను నవ్వాను కూడా, "ఏంది చిన్నాయనా, ఇల్లు కడుతుండావా?" అని. ఆయన అరవలేదు. "ఫ్యాను ఆపు. కూర్చున్నోళ్ళు కొంగు ఎత్తుకొని ముందర తలుపుకి నడవండి. పరిగెత్తొద్దు" అని ఒక్కసారే చెప్పాడు. పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించాడు, మంట ఆగిపోయింది. నేల మీది మంటల మీద ఇసుక, ఇసుక మీద తడి గోనె. ఒక చీర అంచు మాడింది. కుర్చీల మీద పడ్డ ఒకామె మోకాలు చీరుకుపోయింది. పెద్ద ప్రమాదం అక్కడితో ఆగింది.

అత్త చేతికి మాత్రం ఆగలేదు. నేను ఆమెను వంటింటి కుళాయి దగ్గరికి తీసుకుపోతుంటే, ఒకరు టూత్‌పేస్టు, ఒకరు పసుపు, ఒకరు సిరా సీసా తెచ్చారు. చిన్నాయన వెనకనుంచి, "ఏమీ పూయొద్దు! నీళ్ళు పోనీ. ఇరవై నిమిషాలు. గాజులు, ఉంగరం ఇప్పుడే తియ్యి, వాచినాక రావు. అంటుకున్న ప్లాస్టిక్‌ని లాగొద్దు" అన్నాడు. ఇవన్నీ ఆయన రాసిన పన్నెండో లైను. ఆ లైను ఆ హాలులో ఉండి ఉంటే నేను ఆమె గాజులు తీయాలా వద్దా అని అంతసేపు ఆలోచించేదాన్ని కాదు.

కుళాయి కింద చెయ్యి పెట్టుకుని అత్త అడిగింది, "ఆ కడుపుతో ఉన్న పిల్లకి ఏం కాలా కదా?"

"ఏం కాలేదత్తా."

"నా పూలబుట్ట యాడుంది?"

"ఉంది."

"రేపు పెండ్లోళ్ళు దండలు చెప్పినారే..."

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తెలుసు, కానీ అప్పటికి ఒప్పుకోలేదు. ప్రభుత్వాసుపత్రికి ఆటోలో పోయాం. డాక్టరు చెయ్యి చూసి, రెండు వేళ్ళూ లోతుగా కాలాయని, మానతాయి కానీ మునుపటిలా వంగుతాయో లేదో తరవాతే చెప్పగలనని అన్నది.

నాలుగు రోజులకు కమిటీ కూర్చుంది. మినిట్స్ రాసే గుమాస్తాతో కలిపి ఏడుగురం. మామ తెల్ల చొక్కా మడతలు సర్దుకుని మొదలుపెట్టాడు.

"జరిగింది చానా వేదనైన సంగతి. కానీ మన పక్క తప్పేమీ లేదు. నోటీసు పెట్టినాం. చదవకుండా పోతే దానికి మనం ఏం చేస్తాం?"

నలుగురు తలలూపారు. "అవును మామా, నోటీసు ఉంది కదా." ఒకాయన, "దీపం అన్నాక కాలుతాది. అమ్మవారి చల్లదనాన ప్రాణం మిగిలింది" అన్నాడు.

నాకు అమ్మవారి మీద ఎప్పుడూ కోపం రాలేదు. అమ్మవారు తలుపుకు తాళం వేయలేదు. పొట్లాలు అమ్మలేదు. నేను లేచి, మూలన చుట్టి పెట్టిన ఆ చిరిగిన ఫ్లెక్సును తెచ్చి, మామ ముందు బల్ల మీద పరిచాను.

"చదవండి మామా."

"ఏంది?"

"మీరు పెట్టిన నోటీసు కదా. పైకి చదవండి. మేమంతా వింటాం."

ఆయన ఫ్లెక్సును చూశాడు. నన్ను చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కళ్ళజోడును ఎంత తుడిచినా ఆ అక్షరాలు ఆయనకు రావని నాకు తెలుసు. సంతకం పెట్టడం తప్ప ఆయనకు తెలుగు రాయడం, చదవడం రాదు. పక్కనున్నాయనకు జరిపాడు. ఆయన దాన్ని ఇంకో పక్కకు జరిపాడు. చదవడం వచ్చిన గుమాస్తా కూడా మామకు జడిసి జరిపేశాడు. బల్ల చుట్టూ తిరిగి, ప్రసాదం పళ్ళెంలా, మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

"ఏమ్మే, మమ్మల్ని నలుగురి ముందర అవమానిస్తుండావా?" అన్నాడు మామ.

"నలుగురు లేరు మామా, ఏడుగురం. ఏడుగురిలో చదవగలిగింది నేనూ, గుమాస్తా. ఎవరికోసం కట్టినాం ఇది? అరవై మంది ఆడవాళ్ళలో ఎంతమందికి వచ్చు ఈ అక్షరం? అత్తకు తమిళం బ్రహ్మాండంగా వచ్చు, దినపత్రిక మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదువుతాది. ఆమెకు అర్థమయ్యేట్టు చిన్నాయన రాసిచ్చినాడు. దాన్ని ఆమెకు అర్థం కాకుండా చేసింది నేను. కర్పూరం లైను తీసేసింది నేను. నా పొట్లాలు పోవాలని తీసేసినా. రాసుకోండి మినిట్స్‌లో."

గుమాస్తా పెన్ను ఎత్తి పట్టుకుని మామ మొహం చూశాడు.

"రాయొద్దు" అన్నాడు మామ.

"రాయి" అన్నాను. "తాళంచెవి ఎవరి జేబులో ఉందో అదీ రాయి. మామా, వైట్ టౌన్‌లో మీ అబ్బాయి గెస్ట్‌హౌసు ఉంది. ప్రతి మెట్ల మలుపులోనూ మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంది, మంట వస్తే యాడికి పోవాలో బొమ్మ గీసి గది తలుపుకు అంటించినారు. రెండు రాత్రులు పడుకొని పోయే టూరిస్టుకు బొమ్మ ఉంది. ఇక్కడ పుట్టి ఇక్కడ ముసలైన మన ఆడదానికి తాళం ఉంది."

"అది లైసెన్సు కోసం పెట్టినాం" అన్నాడాయన, తనకే వినబడనంత మెల్లగా.

ఆ ఒక్క మాట మాత్రం నిజం చెప్పాడు.

నేను గెలిచాను అనుకోకండి. సగం మంది నాతో మాట్లాడటం మానేశారు. నా తప్పు నేను ఒప్పుకుంటే వాళ్ళ తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ళ బాధ. కానీ కొత్త నోటీసు పెట్టాలన్న తీర్మానం మాత్రం నెగ్గింది. చిన్నాయన కాయితం తిరిగి బయటికొచ్చింది. ఈసారి నేను పెన్సిలు పట్టుకోలేదు. ఆయనా, నేనూ, చేతికి కట్టుతో అత్తా, ఆమె ఇంటి వాకిట్లో కూర్చున్నాం. సిల్కు పావడా పిల్ల కూడా వచ్చింది, రెండో తరగతి. చిన్నాయన ఒక లైను చదివితే ఆ పిల్లకు అర్థం కావాలి, అత్తకు నచ్చాలి, అప్పుడే ఉంచాలని షరతు. "నిర్దేశిత ప్రదేశము" అని నేనొక మాట వేయబోతే ఆ పిల్ల, "అట్టా అంటే?" అన్నది. కొట్టేశాం. నేను జీవితంలో సరిగ్గా కొట్టేసిన మాట అదొక్కటే.

ఇప్పుడు హాలు ముందర తలుపు పక్కన, చిన్నపిల్లల కళ్ళ ఎత్తులో ఒకటి, పెద్దవాళ్ళ కళ్ళ ఎత్తులో ఒకటి, రెండు బోర్డులు ఉన్నాయి. తమిళంలో ఒకసారి, తమిళ అక్షరాల తెలుగులో ఒకసారి, కింద చిన్నగా తెలుగు అక్షరాల్లో ఒకసారి. పక్కన బొమ్మలు. పూజ మొదలయ్యే ముందు చిన్నాయన మైకులో పైకి చదువుతాడు, చదవడం రానివాళ్ళకు కూడా. దానిలో ఉన్నది ఇది:

"దీపానికీ దీపానికీ మధ్య చేతులు చాచండి. తగలకూడదు. కొంగు, జడ వెనక్కి కట్టుకోండి. పిల్లలూ, దీపం దాటవద్దు, చుట్టూ తిరిగి రండి. వెలిగే దీపంలో నూనె పోయవద్దు, ఆర్పి పోయండి. అగరుబత్తి బియ్యం గిన్నెలో గుచ్చండి, పండులో వద్దు. ఆరిన పుల్ల, కాలిన ఒత్తి పూలచెత్తలో వేయవద్దు, లోపల నిప్పు ఉంటుంది. కర్పూరం ఒక్క బిళ్ళ, అదీ మేము వచ్చి పెడతాం. మండే కర్పూరం మీద ఇంకొకటి వేయవద్దు. మంట పెద్దదైతే నీళ్ళు పోయవద్దు, పళ్ళెం బోర్లించండి. బట్ట అంటుకుంటే పరిగెత్తవద్దు, నేల మీద పడి దొర్లండి. చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు, ఏమీ పూయవద్దు. రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. మూసి ఉంటే పూజ లేదు."

చివరి మాట అత్తది. చిన్నాయన దాన్ని నోటీసులో పెట్టకూడదన్నాడు, బెదిరింపులా ఉందని. "బెదిరించాల్సిందే" అన్నదామె.

హాలులో ఇప్పుడు నలభై మందే కూర్చుంటారు. మిగిలినవాళ్ళకు రెండో పూట. సాంబ్రాణి కుంపట్లు వాకిట్లో ఉంటాయి.

ఆరు నెలలకు అత్త మళ్ళీ మా మెట్టు మీదికి వచ్చింది. బొటనవేలు సగం వంగుతుంది. చూపుడువేలి కొన మీద చర్మం బిగిసి, మల్లెమొగ్గ పట్టు దొరకదు. కనకాంబరాలు ఇంకా కష్టం. మొదటి రోజు నాలుగు మూరలు కట్టింది. ఆమె అడిగిన ధరకే నోట్లు తీసి చేతిలో పెట్టాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

ఆమె నోట్లు చూసి, నన్ను చూసింది. "ఏం, బేరం ఆడవా?"

"వద్దులే అత్తా."

"జాలి పడుతుండావా? కాలింది నా వేళ్ళు, నీ నోరు కాదు కదా. ఆడు."

ఆడాను. రెండు రూపాయలు తగ్గించింది, నన్ను నాలుగు తిట్లు తిట్టింది. ఆమె దగ్గర గెలిచి ఇంత ఓడిపోయినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

ఇక బిల్లు. పుట్టింది దుకాణంలో కాబట్టి లెక్క చెప్పకుండా లేవకూడదు. ఫ్లెక్సు దగ్గర మిగిలింది రెండు వేల ఏడు వందలు. పూజ సెట్లలో కర్పూరం వల్ల వచ్చిన లాభం పదకొండు వందల చిల్లర, అది ఆసుపత్రి మందులకు అత్తకు తెలియకుండా ఇచ్చాను, తెలిసి తిట్టింది. కొత్త బోర్డులు, రెండు సిలిండర్లు, మూత డబ్బాలు, ఇసుక బక్కెట్లు పోను హాలు కమిటీ ఖర్చు పదిహేడు వేలు, అందులో నా వంతు నాలుగు వేలు. ఇవన్నీ రాబట్టుకోగల ఖర్చులే. ఆమె అప్పుడు రోజుకు నలభై మూరలు కట్టేది. ఇప్పుడు, మంచి రోజున, పదహారు. మిగిలిన ఇరవై నాలుగూ రోజూ నా పద్దులో అప్పుగా పడుతున్నాయి, ఆమె కూర్చున్నన్నాళ్ళూ పడుతూనే ఉంటాయి. తగ్గించమని అడగడానికి నాకు ముఖం లేదు.